రేపు ఆపరేషన్ ఉన్న స్నేహితురాలికి ఈ రాత్రి మెసేజ్ ఎలా రాయాలి?

"రేపు పొద్దున్నే మా ఫ్రెండ్‌కి ఆపరేషన్. మెసేజ్ పెడదామని ఫోన్ తీశాను, ఏం రాయాలో తోచక అలాగే కూర్చున్నాను." ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంటుంది. అడిగేవాళ్లందరి ఇబ్బందీ ఒకటే. "ఏం కాదులే" అని రాద్దామంటే రాసేవాళ్లకే అది నమ్మబుద్ధి కాదు. ఉన్నదున్నట్టు రాద్దామంటే భయపెట్టినట్టవుతుందేమోనని సందేహం. చివరికి ఒక దండం బొమ్మా ఒక గుండె బొమ్మా పెట్టి ఊరుకుంటారు.

దారి ఒకటుంది. మీ చేతిలో లేనిదాని గురించి మాట ఇవ్వకండి. మీ చేతిలో ఉన్నదాని గురించి, ఎంత చిన్నదైనా సరే, గట్టిగా మాట ఇవ్వండి. ఆపరేషన్ ఎలా జరుగుతుందో మీ చేతిలో లేదు. రేపు మధ్యాహ్నం పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం మీ చేతిలో ఉంది. కింద చెప్పే మెట్లన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

చెప్పడానికి వీలుగా ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ స్నేహితురాలు టీచరు. మెడలో థైరాయిడ్ గ్రంథికి ఒక పక్క గడ్డ వచ్చింది. సూదితో కొంచెం తీసి చేసిన పరీక్షలో అది మామూలు గడ్డో, క్యాన్సరో తేలలేదు. అందుకే రేపు ఉదయం ఆ పక్క సగభాగాన్ని తీసి బయాప్సీకి పంపుతున్నారు. ఆ గ్రంథి వెనకగా స్వరతంతువుల్ని కదిలించే నరం వెళుతుంది. దానికి ఇబ్బంది కలిగితే గొంతు కొన్నాళ్లు బొంగురుపోవచ్చని, అరుదుగా అది అలాగే మిగిలిపోవచ్చని సంతకం పెట్టించుకునేటప్పుడు డాక్టరు చెప్పారు. అంటే ఆమెకు భయాలు రెండు: రిపోర్టులో ఏముంటుంది, పాఠం చెప్పే గొంతు ఏమవుతుంది. రెండూ ఊహించుకున్న భయాలు కావు. కాబట్టే ఇక్కడ "ఏం కాదులే" అన్న మాట పనికిరాదు.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- ఆపరేషన్ దేనికో, సుమారు ఎన్ని గంటలకో. ఆమె మీకు చెప్పినంత వరకే చాలు. మిగతాది ఇంటర్నెట్‌లో వెతకకండి. వెతికి తెలుసుకున్నది ఎలాగూ మీ మాటల్లోకి దూరుతుంది.
- ఆస్పత్రిలో ఆమె పక్కన ఉండబోయే మనిషి ఫోన్ నంబరు.
- ఈ వారం పది రోజుల్లో ఆమె తన భయం గురించి తన నోటితో అన్న ఒక మాట. ఇది లేకపోతే మెసేజ్ ఎవరికైనా పంపగలిగేదిగా తయారవుతుంది.
- రేపు మీరు తప్పకుండా చేయగల పని ఒకటి.

మెట్టు 1. ముందు పక్కన ఉండే మనిషితో మాట్లాడండి

ఆమెకు రాయకముందే వాళ్ల భర్తకో, అక్కకో, ఎవరు తోడుంటే వాళ్లకు రెండు నిమిషాలు ఫోన్ చేయండి. మూడు విషయాలు అడగండి. రేపు కబురు ఎవరు చెబుతారు? నా వల్ల ఏ పని జరిగితే మీకు తేలికవుతుంది? ఈ ఆపరేషన్ సంగతి ఎవరెవరికి తెలుసు?

మూడోది చాలామంది అడగరు. పిల్లలకు "చిన్న పరీక్ష కోసం వెళుతున్నా" అని మాత్రమే చెప్పి ఉండవచ్చు. ఆఫీసులో అసలు చెప్పి ఉండకపోవచ్చు. ఆస్పత్రిలో రాత్రిపూట ఆమె ఫోన్ ఎవరి చేతిలోనైనా ఉండవచ్చు, మెసేజ్ మొదటి వాక్యం తెర మీద ఎవరికైనా కనిపించవచ్చు. "క్యాన్సర్ కాకూడదని కోరుకుంటున్నా" అన్న వాక్యం ఆమె పన్నెండేళ్ల కూతురి కంట పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఇదే కారణంగా స్నేహితుల గ్రూపులో ఈ మెసేజ్ పెట్టవద్దు. ఒక్కరు పెడితే వరసగా ఇరవై దండాలు వచ్చిపడతాయి. వాటన్నిటికీ థ్యాంక్స్ చెప్పే పని ఆ రాత్రి ఆమె మీద పడుతుంది.

మెట్టు 2. వేళ చూసుకోండి

రాత్రి భోజనాల వేళ దాటాక, నిద్రకు ముందు పంపండి. ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య అయితే బాగుంటుంది. మరీ ముందు పంపితే నర్సులు, రక్తపరీక్షలు, మత్తు డాక్టరు వచ్చి అడిగే ప్రశ్నలు, ఆ హడావిడిలో కలిసిపోతుంది. పది దాటాక పంపితే అప్పుడే పట్టిన నిద్ర చెడవచ్చు. కొందరికి ఆ రాత్రి నిద్రకు మాత్ర కూడా ఇస్తారు.

పొద్దున్నే పంపుదాంలే అనుకోకండి. థియేటర్‌కు తీసుకెళ్లే ముందు నగలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు తీయించేటప్పుడు ఫోన్ కూడా పక్కవాళ్ల చేతికి వెళ్లిపోతుంది. అది ఎప్పుడన్నది మీకు తెలియదు.

వేళ మించిపోయిందా? అయినా పంపండి, కానీ రెండే వాక్యాలు. ఆమె ఫోన్ సైలెంట్‌లో లేదనిపిస్తే పక్కనున్న మనిషికి పంపి, "మెలకువగా ఉంటే చూపించండి, నిద్రపోతే పొద్దున చూపించండి" అనండి.

మెట్టు 3. మొదటి వాక్యంతోనే ఊపిరి పీల్చుకోనివ్వండి

ఫోన్ తెర మీద ముందు కనిపించేది మొదటి పది పదాలే. "నీకో మాట చెప్పాలి", "నీ గురించే ఆలోచిస్తూ నాకు నిద్ర పట్టడం లేదు" అని మొదలుపెడితే తెరిచేలోపే గుండె దడ. "దీనికి జవాబు రాయక్కర్లేదు, తీరిగ్గా చదువుకో" అని మొదలుపెట్టండి. చాలామంది ఈ మాటను చివర పెడతారు. అప్పటికి ఆమె మనసులో జవాబు వెతుక్కోవడం మొదలైపోతుంది.

ఈ ఒక్క వాక్యం రాశాక మెసేజ్‌లో మరెక్కడా ప్రశ్న ఉండకూడదు. "ఎలా ఉన్నావు?", "భయంగా ఉందా?", "డాక్టర్ ఏమన్నారు?" ఇవన్నీ జవాబు కోరేవే. జవాబు వద్దని చెప్పి ప్రశ్న వేయడం అంటే పెట్టిన చేత్తోనే తీసుకోవడం.

మెట్టు 4. భయాన్ని ఆమె మాటల్లోనే, ఒక్కసారే చెప్పండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. ఎక్కువమంది దాటేసేదీ ఇదే. భయం పేరెత్తితే భయం పెరుగుతుందని అనుకుంటాం. ఎత్తకపోతే ఆమె ఆ భయంతో ఒంటరిగా ఉంటుంది, అంతే తేడా. పైగా చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వు మొహాలు పెట్టుకుని తిరుగుతుంటే, ఆమె కూడా వాళ్ల కోసం నవ్వాల్సి వస్తుంది. మీ మెసేజ్ దగ్గరైనా ఆ శ్రమ తగ్గాలి.

మూడు జాగ్రత్తలున్నాయి.

మొదటిది, ఆమె చెప్పని భయాన్ని మీరు తేకండి. ఆమె గొంతు గురించే మాట్లాడి, రిపోర్టు గురించి ఒక్క మాటా అనకపోతే, మీరూ రిపోర్టు ఊసెత్తవద్దు. ఆమె దాన్ని పక్కన పెట్టుకుంది. ఈ రాత్రికి అది అక్కడే ఉండనివ్వండి.

రెండోది, ఆమె వాడిన మాటే వాడండి. "పిల్లల ముందు నోరు తెరిస్తే గొంతు రాకపోతే?" అని ఆమె అన్నదనుకోండి. "పిల్లల ముందు గొంతు రాకపోతే అని అన్నావు కదా, అది నాకు గుర్తుంది" అని రాయండి. "స్వరనష్టం పట్ల నీ ఆందోళనను అర్థం చేసుకోగలను" అంటే కౌన్సెలర్ రాసిన కాగితంలా ఉంటుంది. నిజానికి "నిన్ను అర్థం చేసుకోగలను" అన్న మాటే అనుమానం పుట్టిస్తుంది. ఆ మంచం మీద పడుకున్నది మీరు కాదు. "గుర్తుంది" అన్నది మాత్రం నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు.

మూడోది, చెప్పాక వెంటనే దాన్ని చెరిపేయకండి. "భయంగా ఉండటం సహజమే, కానీ నువ్వు ధైర్యవంతురాలివి" అనే వాక్యంలో "కానీ" రాగానే ముందున్నదంతా కొట్టుకుపోయింది. ఆమె ఇక ధైర్యంగా కనిపించాలి. "కానీ" తీసేసి అక్కడ చుక్క పెట్టండి. "భయమేయడంలో వింతేం లేదు." అంతే.

ఆమె ఏ భయమూ బయటికి చెప్పలేదంటే? అప్పుడు భయం జోలికి పోకుండా ఆ రాత్రి గురించి రాయండి. "ఈ రాత్రి మెల్లగా గడుస్తుందేమో" లాంటి మాట చాలు. భయపడేవాళ్లకూ భయపడనివాళ్లకూ అది సరిపోతుంది.

మెట్టు 5. నిజమైన వివరం ఒకటి (అవసరమైతేనే)

ఆపరేషన్ గురించి సమాచారం ఇవ్వడం మీ పని కాదు. ఆమెకు మత్తు గురించి భయం ఉంటే మాత్రం, ఎక్కడైనా జరిగే ఒక సంగతిని చెప్పవచ్చు. మత్తు ఇచ్చిన డాక్టరో, ఆ బృందంలోని మరొకరో ఆపరేషన్ అయ్యేంతవరకు అక్కడే ఉండి ఊపిరి, గుండె, రక్తంలో ఆక్సిజన్ చూస్తూనే ఉంటారు. ఇది ఫలితం గురించిన హామీ కాదు, అక్కడ ఏం జరుగుతుందన్న వివరణ మాత్రమే.

మరొకటి కూడా పనికొస్తుంది. పేరేమిటి, ఏ పక్క ఆపరేషన్, దేనికైనా ఎలర్జీ ఉందా అని పొద్దున్నుంచి వేర్వేరు మనుషులు మళ్లీ మళ్లీ అడుగుతారు. ఆ సంగతి తెలియనివాళ్లు "వీళ్లకు నేనెవరో కూడా తెలియదా" అని హడలిపోతారు. పొరపాటు జరగకుండా అలా కావాలనే అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్టులోనూ మత్తు ఇవ్వకముందు మనిషి ఎవరో, ఆపరేషన్ ఏమిటో, ఏ చోటో రూఢి చేసుకోవడం ఉంది. మెసేజ్‌లో ఇదంతా రాయకండి. "రేపు అందరూ నీ పేరే అడుగుతారు, విసుక్కోకు, అది మంచికే" అంటే చాలు.

అంకెలు మాత్రం వద్దు. "వందలో తొంభై తొమ్మిది మందికి బాగానే అవుతుంది" అన్న వాక్యాన్ని మీరు తొంభై తొమ్మిది దగ్గర ఆపుతారు. అర్ధరాత్రి రెండింటికి ఆమె ఆ మిగిలిన ఒక్కరి గురించే ఆలోచిస్తుంది. "మా అత్తయ్యకూ ఇదే ఆపరేషన్, వారంలో లేచి తిరిగింది" అన్న కథా అంతే. ఆ అత్తయ్య వయసు వేరు, గడ్డ వేరు.

హెచ్చరిక: తిండి, నీళ్లు, మందుల గురించి సలహా ఇవ్వకండి

మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉంచమంటారు. సాధారణంగా గట్టి ఆహారం కనీసం ఆరు గంటల ముందు, మంచినీళ్ల లాంటివి రెండు గంటల ముందు ఆపమంటారు. కానీ ఆమె ఒంటిని బట్టి, ఆపరేషన్‌ను బట్టి ఆమెకు చెప్పిన వేళలు వేరుగా ఉండవచ్చు. వాళ్లు చెప్పిందే లెక్క. "కొంచెం పాలు తాగి పడుకో, నిద్ర పడుతుంది" అన్నది ప్రేమతో చెప్పే మాటే. దానివల్ల పొద్దున్నే ఆపరేషన్ వాయిదా పడవచ్చు, అంతకంటే చెడ్డదీ జరగవచ్చు.

మాటల్లో ఆమె "ఇందాక దగ్గు మొదలైంది", "రక్తం పలచబడే మాత్ర ఆపమన్నారు, మర్చిపోయి వేసుకున్నా", "ఆకలేసి ఏదో తినేశా" అన్నదనుకోండి. ఊరడింపు అక్కడితో ఆపండి. "ఇప్పుడే నర్సుకు చెప్పు, ఇది దాచకూడదు" అనండి. ఆమె మొహమాటపడితే పక్కనున్న మనిషికి మీరే ఫోన్ చేయండి. ఈ రాత్రి ఆమె చెప్పిన మాటను మీ దగ్గరే ఉంచుకోకూడని సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

మెట్టు 6. ఒకే ఒక్క మాట ఇవ్వండి

"ఏం కావాలన్నా అడుగు" అనేది మాట ఇవ్వడం కాదు. ఏం కావాలో ఆలోచించి, మొహమాటం దాటి, అడగాల్సిన పని ఆమెకే మిగిలింది. మీరు చేసే పనిని, చేసే వేళను, ఎవరితో మాట్లాడుకున్నారో చెప్పండి. "రేపు మూడింటికి పాపను బడి నుంచి నేనే తీసుకొస్తా. మీ ఆయనతో మాట్లాడాను." దీంట్లో ఆమె నిర్ణయించాల్సింది ఏమీ లేదు.

మీరు దూరాన ఉన్నారా? అయినా పని దొరుకుతుంది. మిగతా స్నేహితులందరికీ కబురు చెప్పే బాధ్యత తీసుకోండి. "రేపు మనవాళ్లెవరూ నీకు ఫోన్ చేయరు. కబురు నేను కనుక్కుని అందరికీ చెబుతా." మన ఉదాహరణలో దీనికి మరింత విలువ ఉంది. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేస్తారు కాబట్టి, నరానికి ఏమీ కాకపోయినా ఆపరేషన్ తర్వాత గొంతు మంటగా, బొంగురుగా ఉండటం మామూలే. అటువంటప్పుడు ఫోన్ ఎత్తి "హలో" అనాల్సి వస్తే తన గొంతు తనకే కొత్తగా వినిపించి ఆమె హడలిపోతుంది. మాట్లాడించకపోవడమే పెద్ద సాయం.

టైముల గురించి మాత్రం మాట ఇవ్వకండి. "పదకొండుకల్లా బయటికి వచ్చేస్తావు" అని రాయవద్దు. ముందున్న కేసు ఆలస్యమైతే ఆమెది వెనక్కి జరుగుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా మత్తు తేరే వరకు వేరే గదిలో ఉంచుతారు. మీరు రాసిన పదకొండును నమ్ముకుని పన్నెండింటికి వాళ్ల ఇంట్లోవాళ్లు కంగారుపడతారు.

మెట్టు 7. ఆపేయండి

ఐదారు వాక్యాలు చాలు. ఫోన్ తెర మీద వేలితో జరపకుండా మొత్తం కనిపించాలి. వీడ్కోలులా వినిపించే ముగింపు వద్దు. "నువ్వు నా జీవితంలో ఎంత ముఖ్యమో ఎప్పుడూ చెప్పలేదు" అనేది మంచి మాటే, చెప్పాల్సిందే. ఈ రాత్రి మాత్రం చెబితే "ఇదేంటి, ఇప్పుడెందుకు చెబుతోంది" అనిపిస్తుంది. రేపటి తర్వాత రాబోయే ఒక మామూలు సంగతితో ముగించండి. అది ఫలితం మీద ఆధారపడనిదై ఉండాలి. "మళ్లీ క్లాసులో నీ గొంతు వింటా" అనేది ఫలితం మీద ఆధారపడింది. "సాయంత్రం పాప హోంవర్క్ ఫొటో పంపుతా" అనేది కాదు.

ఇప్పుడు మెసేజ్ మొత్తం ఒకసారి

చేతికొచ్చినట్టు రాస్తే ఇలా వస్తుంది:

"హాయ్ ఎలా ఉన్నావే? అస్సలు టెన్షన్ పడకు. చిన్న ఆపరేషనే కదా, ఏం కాదు. నీలాంటి ధైర్యవంతురాలిని నేను చూడలేదు. రిపోర్ట్ కూడా మంచిగానే వస్తుంది చూడు. మా కొలీగ్‌కి కూడా ఇదే అయింది, ఇప్పుడు ఎంచక్కా పాటలు పాడుతోంది. పాజిటివ్‌గా ఆలోచించు. ఏం కావాలన్నా అడుగు. ఆల్ ది బెస్ట్!!"

దీన్లో చెడ్డ ఉద్దేశం ఒక్కటీ లేదు. అయినా లెక్క చూడండి. జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటి. మీ చేతిలో లేనివాటి మీద హామీలు రెండు. ఆమెకు అప్పగించిన పనులు నాలుగు: టెన్షన్ పడకూడదు, ధైర్యంగా ఉండాలి, పాజిటివ్‌గా ఆలోచించాలి, కావాల్సింది అడగాలి. రేపు కోతకు వెళ్లే మనిషికి ఇన్ని పనులు! "చిన్న ఆపరేషనే" అన్న మాట డాక్టరు అనవచ్చు, ఆమె అనుకోవచ్చు, మీరు అనకూడదు.

అదే ఈ మెట్ల ప్రకారం రాస్తే:

"దీనికి జవాబు రాయకే, చదువుకుని పక్కన పెట్టెయ్. పిల్లల ముందు నోరు తెరిస్తే గొంతు రాకపోతే అని మొన్న అన్నావు, అది నాకు గుర్తుంది. భయమేయడంలో వింతేం లేదు. రేపు మూడింటికి పాపను నేనే తీసుకొస్తా, మీ ఆయనతో మాట్లాడాను. మనవాళ్లెవరూ నీకు ఫోన్ చేయరు, కబురు నేనే చెబుతా, నువ్వు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నిద్ర పట్టకపోతే ఊరికే పడుకో, పట్టకపోయినా పర్లేదు. సాయంత్రం పాప హోంవర్క్ ఫొటో పంపుతా."

ఇందులో "బాగైపోతుంది" అన్న మాటే లేదు. అయినా చల్లగా ఉంది. కారణం, రేపటి రోజులో రెండు మూలలు ఇప్పుడు ఖాయమయ్యాయి. నిద్ర గురించిన వాక్యం కూడా కావాలనే పెట్టాను. "హాయిగా నిద్రపో" అంటే నిద్ర పట్టనప్పుడు అదొక ఓటమిలా అనిపిస్తుంది.

మీరిద్దరూ ఎలా పిలుచుకుంటారో అలాగే రాయండి. రోజూ "ఒసేయ్" అనే మనిషి ఈ రాత్రి "ప్రియమైన నీకు" అంటే ఏదో జరగబోతోందని ఆమెకు అనిపిస్తుంది. వయసులో పెద్దవారో, "మీరు" అనే సహోద్యోగో అయితే భయం వాక్యం తీసేసి ఇంతే రాయవచ్చు: "జవాబు రాయకండి. రేపటి మీ క్లాసులు నేను చూసుకుంటున్నాను, హెడ్మాస్టరుగారితో మాట్లాడాను. ఆఫీసు నుంచి ఎవరూ ఫోన్ చేయకుండా చూస్తాను." దగ్గరితనం లేనిచోట భయం గురించి మాట్లాడటం చనువు తీసుకున్నట్టుంటుంది.

దేవుడి మాట ఎత్తాలా? ఆమె రోజూ దండం పెట్టుకునే మనిషైతే, మీరూ నిజంగా ప్రార్థించేవారైతే, "నీ కోసం దండం పెట్టుకున్నా" అనండి. అది మీరు చేసిన పని. "దేవుడు చూసుకుంటాడు" అనేది మాత్రం మీరు వేరొకరి తరఫున ఇచ్చిన హామీ.

పంపే ముందు పరీక్ష

ఆమె పేరు తీసేసి చదవండి. ఇంకెవరికైనా పంపగలిగేలా ఉంటే, మెట్టు 4 దగ్గర ఏదో తప్పింది.

తర్వాత, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఆమె దీన్ని మళ్లీ చదువుతుందనుకుని చదవండి. ఏ వాక్యం దగ్గర ఆగి ఆలోచనలో పడుతుందో ఆ వాక్యం తీసేయండి.

చివరిగా, రేపు అనుకోనిది జరిగితే ఈ మెసేజ్‌లో ఏ వాక్యం అబద్ధమవుతుందో చూడండి. పై మెసేజ్‌లో ఏదీ కాదు. గొంతు బొంగురుపోయినా, రిపోర్టు చెడుగా వచ్చినా అందులో ప్రతి మాటా నిలుస్తుంది.

వాయిస్ మెసేజ్ పంపవచ్చా? పంపవచ్చు, అర నిమిషం దాటకుండా. మీ గొంతు వణకకుండా ఉంటేనే. వార్డులో పక్క మంచాలవాళ్లకు వినిపిస్తుందని గుర్తుంచుకుని, భయం సంగతి అందులో ఎత్తకండి.

పంపాక

బ్లూ టిక్ పడి జవాబు రాకపోతే అంతా సరిగ్గా జరిగినట్టే. మీరు అడిగిందే అది. "చదివావా?" అని రెండో మెసేజ్ పెట్టకండి. "సరే" అనో, "పాపకు రేపు డ్రాయింగ్ పుస్తకం కావాలి" అనో వస్తే ఇంకా మంచిది. చిన్న పనుల మీదకు మనసు మళ్లిందన్నమాట.

తప్పు జరిగిందని చెప్పే గుర్తు ఒకటుంది. "నువ్వేం కంగారుపడకు, నేను బాగానే ఉన్నా" అని ఆమె మిమ్మల్ని ఓదారిస్తే, మీ భయం మెసేజ్‌లోంచి కారి ఆమెను తడిపిందని అర్థం. సంజాయిషీలు వద్దు. "నేను బాగానే ఉన్నానే. రేపు మూడింటికి బడి దగ్గర ఉంటా" అని పని దగ్గరికి తిరిగి రండి.

కొన్ని జవాబులకు ఆగి ఆలోచించాలి.

"నేను లేవకపోతే?" అని వస్తే "అలాంటి మాటలు అనకు" అని నోరు మూయించకండి. అలా అంటే ఆమె మాట ఆగుతుంది, ఆలోచన ఆగదు. "అది నిన్ను బాగా పట్టుకుందన్నమాట. చెప్పాలనిపిస్తే ఫోన్ చెయ్, వింటా" అనండి. ఆమె చేస్తే వినండి. మత్తు డాక్టరు గురించి మెట్టు 5లో చెప్పిన మాట ఇక్కడ చెప్పవచ్చు. భయం మరీ ఎక్కువైతే నర్సుకు చెప్పమనండి. దానికి వాళ్ల దగ్గర చేయగలిగింది ఉంటుంది, వాళ్లకు ఇది కొత్త కాదు.

"ఏదైనా అయితే పాప ఫీజు కాగితాలు బీరువా పై అరలో ఉన్నాయి, ఆయనకు తెలియదు" అని వస్తే చాలామంది బెదిరిపోతారు. అది నిరాశ కాదు, బరువు దించుకోవడం. "పై అర, ఫీజు కాగితాలు. రాసుకున్నా" అని తిరిగి చెప్పండి. ఆమె చెప్పింది ఎవరికో అందిందని తెలిస్తే మళ్లీ మళ్లీ అదే తిప్పుకోదు.

"అసలు చేయించుకోవాలో వద్దో" అని వస్తే మీరు ఏ పక్కా లాగకండి. సంతకం పెట్టాక కూడా ప్రశ్నలు అడిగే హక్కు ఆమెకుంది, మనసు మార్చుకునే హక్కూ ఉంది. "ఏ ప్రశ్న మిగిలిపోయిందో ఒక కాగితం మీద రాసుకో, థియేటర్‌కు తీసుకెళ్లే ముందు డాక్టరు కనబడాలని అడుగు" అనండి. ఉదాహరణకు గొంతు గురించే అయితే, నరాన్ని ఎలా కాపాడతారు, బొంగురుపోతే ఎన్నాళ్లు చూడాలి, అప్పుడు ఎవరిని కలవాలి అన్న మూడు ప్రశ్నలు చాలు.

మర్నాడు ఆమె ఫోన్‌కు కాల్ చేయకండి. పక్కనున్న మనిషికి మధ్యాహ్నం ఒక్క మెసేజ్: "వీలున్నప్పుడు ఒక్క మాట చెప్పండి." బయాప్సీ రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆపరేషన్ బాగా జరిగిందని తెలియగానే "హమ్మయ్య, అంతా అయిపోయింది" అని రాయకండి. ఆమెకు ఇంకా సగమే అయింది.

ఆపరేషన్ వాయిదా పడితే ఇదే మెసేజ్ రెండోసారి పంపకండి. వాయిదా పడ్డందుకు ఊరటా ఉంటుంది, మళ్లీ ఇదంతా మొదలన్న విసుగూ ఉంటుంది, ఏది ఎక్కువో మీకు తెలియదు. "పాపను తీసుకురావడం మాత్రం మారలేదు, మూడింటికి బడి దగ్గరుంటా" అని ఒక్క వాక్యం పంపి, కొత్త తేదీ ఖాయమయ్యాక మళ్లీ మెట్టు 1 దగ్గర మొదలుపెట్టండి.